పనిభారం గురించి డైరెక్టర్ గారికి ఉత్తరం రాయాలి, డ్రాఫ్ట్ చూసి చెప్పగలరా?

నెలాఖరు
అందరికీ నమస్కారం. నేను అకౌంట్స్‌లో ఉన్నాను. ఐదు పనులు ఒక్క మనిషి మీదే నడుస్తున్నాయి: నెల క్లోజింగ్, సరఫరాదారుల బిల్లుల పేమెంట్లు, ఆడిటర్లు అడిగే కాగితాలు, కొత్త అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, డైరెక్టర్ గారికి ప్రతి వారం వెళ్లే ఖర్చుల రిపోర్ట్. మా మేనేజర్ గారితో మాట్లాడాను. టెస్టింగ్ గడువు, వారపు రిపోర్ట్ రెండూ డైరెక్టర్ గారు పెట్టినవి కాబట్టి తన చేతిలో లేదని, ఆయనకే నేరుగా రాసి తనను కాపీలో పెట్టమని అన్నారు. రాసింది ఇది:

"గౌరవనీయులైన డైరెక్టర్ గారికి, గత కొన్ని నెలలుగా నా మీద పనిభారం విపరీతంగా పెరిగింది. రోజూ ఆలస్యంగా ఇంటికి వెళ్లాల్సి వస్తోంది. అన్ని పనులూ ముఖ్యమైనవే కావడంతో దేనికీ న్యాయం చేయలేకపోతున్నాను. దయచేసి నా పరిస్థితిని అర్థం చేసుకుని, తగిన చర్యలు తీసుకోవలసిందిగా మనవి."

మర్యాదగానే ఉందనుకుంటున్నాను. ఏమైనా మార్చాలా?

సూటిమాట
మర్యాదకేం లోటు లేదు, విషయమే లేదు. మీరు చేసే పనులన్నీ ఒక్కటి కూడా వదలకుండా జాబితా రాయండి. పెద్దవి ఐదైనా, లోపలికి వెళ్తే ఇరవై, పాతిక తేలతాయి. ఒక్కోదానికి గంటలు వేయండి. ఆ గంటల మీద ఇంకో పాతిక శాతం కలపండి, ఎందుకంటే అవతలివాళ్లు ఎలాగూ కోస్తారు. పాతిక వరుసల పట్టిక చూస్తే ఆయనకే అర్థమవుతుంది.

కూడిక తీసివేత
గంటలు వేయమన్న సలహా సరైనదే. మిగతా రెండూ దెబ్బతీస్తాయి.

పాతిక వరుసల పట్టికను డైరెక్టర్ స్థాయి మనిషి పూర్తిగా చదవరు. చదివినా, "వీటిలో చిన్నవి తీసేస్తే సరిపోతుంది కదా" అన్న ఆలోచనే వస్తుంది. పది నిమిషాల పనులు పది తీసేసినా వారంలో రెండు గంటలు కూడా మిగలవు. ఆయన నిర్ణయం తీసుకోగల స్థాయిలో, అంటే మీరు చెప్పిన ఆ ఐదు వరుసల్లోనే పట్టిక ఉండాలి.

ఇక గంటలు పెంచి రాయడం. ఆ ఐదింటిలో కనీసం ఒకటి, అంటే వారపు రిపోర్ట్, ఎంత పనో ఆయనకు కొంత తెలుసు. అందులో మీ అంకె ఎక్కువగా కనిపిస్తే, తెలియని నాలుగింటినీ అదే కళ్లతో చూస్తారు. కోస్తారన్న భయముంటే పెంచక్కర్లేదు, ఆ అంకె ఎలా వచ్చిందో ఒక్క వాక్యంలో రాయండి. "గత రెండు వారాల్లో రాసుకున్న సమయం ప్రకారం" అన్నారంటే దాన్ని కోయడం కష్టం.

నెలాఖరు గారూ, ముందు రెండు విషయాలు చెప్పండి. వారానికి మీ పని గంటలు ఎన్ని? అందులో మీటింగులు, మెయిళ్లు, "ఒక్క నిమిషం" అంటూ వచ్చేవాళ్లు పోను మిగిలేవి ఎన్ని?

వేణు 77
జీతం పెంచమని అడగడానికి ఇదే మంచి సమయం అండీ. ఇంత పని చేస్తున్నానని చూపించి, వేరే చోట ఆఫర్ ఉందని కూడా ఒక మాట వేస్తే వెంటనే కదులుతారు.

రాధిక ఆర్
వేణు గారూ, ఆయన జీతం గురించి అడగడం లేదు, పనుల వరుస మార్చమంటున్నారు. ఈ రెండూ ఒకే ఉత్తరంలో కలిపితే చదివేవారికి మొదటిదే గుర్తుంటుంది. డబ్బు ఇస్తే పని ఇలాగే సాగుతుందన్న అర్థం కూడా వస్తుంది. జీతం మాట ఉంటే వేరే రోజు, వేరే ఉత్తరంలో, మేనేజర్ ద్వారా వెళ్లాలి.

నెలాఖరు
కూడిక తీసివేత గారూ, వారానికి 40 గంటలు. రెండు వారాలు పూటపూటకూ నోట్‌బుక్‌లో రాసుకున్నాను. మీటింగులు 6 గంటలు, మెయిళ్లు, ఫోన్లు, చిన్న ప్రశ్నలు కలిపి 5 గంటలు. మిగిలేది 29.

పనులకు వారానికి సగటున పట్టేది: క్లోజింగ్ 11, బిల్లులు 10, ఆడిట్ 6, టెస్టింగ్ 8, రిపోర్ట్ 5. క్లోజింగ్‌కు మాత్రం గత మూడు నెలల టైమ్‌షీట్లు చూసి సగటు తీశాను. మొత్తం 40. మొన్నటిదాకా 40 గంటల ఉద్యోగంలో 40 గంటల పని ఉంది కదా, నేనే నెమ్మదేమో అనుకున్నాను.

కూడిక తీసివేత
మీరు నెమ్మది కాదు. 40ని 40తో పోల్చడం దగ్గరే లెక్క తప్పింది. పోల్చాల్సింది 29తో. కాబట్టి లోటు వారానికి 11 గంటలు. ఉత్తరంలో మొదట ఉండాల్సిన అంకె ఇదే. మీటింగులు కూడా పనే, వాటిని కూడా ఎవరో పిలిస్తేనే వెళ్తున్నారు కాబట్టి మీటింగులకు, మెయిళ్లకు పోయే 11 గంటలను కూడా దాచకుండా చూపించండి.

ఇంకొకటి. నెల క్లోజింగ్ వారానికి 11 గంటలు సమానంగా ఉండదు కదా? ఆ సగటును నాలుగు వారాలుగా విడదీసి రాయండి.

నెలాఖరు
నిజమే. నెల మొదటి వారం 30 గంటలు పడుతుంది. రెండో వారం 5, మూడో వారం 5, నాలుగో వారం 4.

కూడిక తీసివేత
చూశారా, సగటు ఎంత దాచిందో. మిగతా నాలుగు పనులు కలిపి ప్రతి వారం 29 గంటలు. మొదటి వారం దానికి క్లోజింగ్ 30 కలిస్తే 59. చేతిలో ఉన్నది 29. అంటే ఆ ఒక్క వారంలోనే 30 గంటల లోటు. రెండు, మూడు వారాల్లో 5 చొప్పున, నాలుగో వారంలో 4. మొత్తం నెలకు 44.

"వారానికి 11 గంటలు ఎక్కువ" అని చదివిన డైరెక్టర్ "రోజుకి రెండు గంటలు కదా, సర్దుకోవచ్చు" అనుకుంటారు. "మొదటి వారం ఉన్న సమయానికి రెట్టింపు పని" అంటే అలా అనుకోరు. రెండు అంకెలూ నిజమే, కానీ నిర్ణయానికి పనికొచ్చేది రెండోది. సర్దుకోవడం ఎక్కడ కుదరదో అది చూపిస్తుంది. మీటింగులతో కలిపితే ఆ వారం 70 గంటల పని. అంత ఎవరూ చేయలేరు కాబట్టి ఏదో ఒకటి చెప్పకుండానే ఆగిపోతుంది. మీ దగ్గర ఆగేది టెస్టింగ్ అయి ఉండాలి. వారం తర్వాత అడిగేవారు లేనిది అదొక్కటే.

నెలాఖరు
అవును, టెస్టింగే. ఇప్పటికే వెనకబడింది. ఇంకా 64 గంటల పని ఉంది. గడువుకు రెండు నెలలే ఉంది.

సూటిమాట
సరే, పెంచి రాయడం గురించి నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ ఇంత లెక్క రాశాక ఇక ఏం అడగాలి? "వీటిలో ఏది ముఖ్యమో మీరే చెప్పండి" అంటే సరిపోదా? పెద్దాయన నిర్ణయం పెద్దాయనే తీసుకోవాలి కదా.

పద్దు పుస్తకం
ఆ ప్రశ్నకు వచ్చే జవాబు "అన్నీ ముఖ్యమే". తప్పు ఆయనది కాదు, ప్రశ్నదే. ఐదింటినీ అడిగింది ఒక్కరే కాదు, ఐదింటికీ కారణాలున్నాయి. ఏది ముఖ్యం అని అడిగితే విలువ గురించి అడిగినట్టు. అడగాల్సింది వరుస గురించి: మొదటి వారంలో ఏది ఆగొచ్చు, ఎన్ని రోజులు ఆగొచ్చు, ఆగితే ఎవరికి ఏమవుతుంది. ఆ ప్రతిపాదన రాయాల్సింది నెలాఖరు గారే, ఎందుకంటే పని లోపల ఏముందో డైరెక్టర్‌కు కనిపించదు.

ఉదాహరణకు బిల్లుల పేమెంట్లకు 10 గంటలు ఎందుకు పడుతున్నాయి? రోజూ చేస్తున్నారా?

నెలాఖరు
రోజూ ఒక విడత. బిల్లు సరిచూసి ఎంట్రీ వేయడం వారం మొత్తానికి 5 గంటలు. అది కాక ప్రతి విడతకూ జాబితా తీయడం, అప్రూవల్ కోసం తిరగడం, బ్యాంకులో ఫైల్ ఎక్కించడం, వెళ్లాయో లేదో చూడటం, అన్నీ కలిపి గంట.

పద్దు పుస్తకం
అక్కడే ఉంది దారి. ఆ గంట బిల్లుల సంఖ్యతో పెరిగేది కాదు, విడతల సంఖ్యతో పెరిగేది. ఐదు విడతలు రెండు చేస్తే, మంగళవారం, శుక్రవారం, వారానికి 3 గంటలు మిగులుతాయి. 10 కాస్తా 7 అవుతుంది. ఒక్క బిల్లు కూడా ఆపలేదు. ఏ బిల్లయినా ఎక్కువలో ఎక్కువ ఎన్ని రోజులు ఆగుతుందో రాయండి. శుక్రవారం విడత తర్వాత వచ్చింది మంగళవారం దాకా ఆగుతుంది. గడువు ఆ మధ్యలో పడే బిల్లులు, ప్రభుత్వానికి కట్టాల్సిన పన్నుల్లాంటివి, ఈ మార్పు నుంచి మినహాయించండి. ఆ మినహాయింపు రాయకపోతే డైరెక్టర్ మొదట పట్టుకునేది అదే.

ప్రతి పనినీ ఇలా విడదీసి చూడండి. చేసిన ప్రతిసారీ పట్టే సమయం వేరు, పరిమాణంతో పెరిగే సమయం వేరు. తీసివేయకుండానే తగ్గించగలిగేది మొదటిదే.

హెల్ప్‌డెస్క్ కుర్చీ
మధ్యలో దూరుతున్నాను, క్షమించండి. నా పని ఇలా ఐదు ముక్కలుగా ఉండదు. ఎప్పుడు ఎవరు ఏం అడుగుతారో తెలియదు. ఫిర్యాదులు వస్తూ ఉంటాయి, చేస్తూ ఉంటాను. ఇలాంటి ఉత్తరం నేను రాయాలంటే గంటలు ఎక్కణ్ణుంచి తేవాలి?

కూడిక తీసివేత
మీకు గంటలు అక్కర్లేదు, రెండు లెక్కలు చాలు. ఇప్పుడు తెరిచి ఉన్నవి ఎన్ని, వారానికి మూసేవి ఎన్ని. తెరిచి ఉన్నవి 48, వారానికి 12 మూస్తున్నారనుకోండి. రాకపోకలు కొన్ని వారాలుగా సమానంగా ఉంటే, ఒక్కో ఫిర్యాదు సగటున 4 వారాలు మీ దగ్గరే ఉంటోందని అర్థం. జాన్ లిటిల్ 1961లో నిరూపించిన సూత్రమే ఇది:

```
L = λ × W
48 = 12 × 4
```

"చాలా బిజీగా ఉన్నాను" బదులు "నా దగ్గరకొచ్చిన ఫిర్యాదు సగటున 4 వారాలు ఆగుతోంది, 2 వారాలకు తేవాలంటే తెరిచి ఉన్నవి 24కి దిగాలి" అని రాయొచ్చు. ఒక్క జాగ్రత్త: వచ్చేవి మూసేవాటికంటే ఎక్కువైతే గుట్ట పెరుగుతూనే ఉంటుంది, అప్పుడు ఈ 4 వారాలు తక్కువ అంచనా. కాబట్టి వారానికి వచ్చేవి కూడా పక్కనే రాయండి.

మీ ప్రశ్నకు విడిగా చర్చ పెట్టండి, అక్కడ వివరంగా చూద్దాం. ఇక్కడ నెలాఖరు గారి ఉత్తరం పూర్తి చేద్దాం.

రాధిక ఆర్
ఒక నాజూకు విషయం ఉంది, ఎవరూ ముట్టుకోలేదు. వారపు రిపోర్ట్ అడిగింది డైరెక్టర్ గారే. దాన్ని తగ్గించమని ఆయనకే రాయాలి. చాలామంది ఇక్కడ భయపడి ఆ వరుసను పట్టిక నుంచే తీసేస్తారు. అప్పుడు కోత అంతా ఇతరుల పనుల మీద పడుతుంది, ఆడిట్ వాళ్లో ఐటీ వాళ్లో "మా పనే ఎందుకు" అంటారు. ఆయన రిపోర్ట్ జాబితాలో ఉంటేనే ప్రతిపాదన న్యాయంగా కనిపిస్తుంది.

అయితే "రిపోర్ట్ ఆపుతాను" అనకూడదు. ఆ రిపోర్ట్‌తో ఆయన ఏం చేస్తారో అడగాలి. రెండు వారాలకోసారి జరిగే సమీక్ష కోసమైతే రెండు వారాలకోసారి ఇస్తే ఆయనకు నష్టమేమీ లేదు. మరేదైనా ఉంటే చెప్పే అవకాశం ఇచ్చినట్టూ అవుతుంది.

నెలాఖరు
సమీక్ష రెండు వారాలకోసారే. రెండు, నాలుగు వారాల్లో. రిపోర్ట్ ఆ వారాల్లోనే ఇస్తానంటాను. అంటే నెలకు 10 గంటలు మిగులుతాయి. బిల్లుల్లో 12. ఇంకా 44లో సగం మిగిలే ఉంది.

కూడిక తీసివేత
ఆ సగమే ఉత్తరానికి ప్రాణం. ఇంతదాకా మీరు తగ్గించుకోగలిగింది. ఇక పైన తగ్గేది ఆయన ఒప్పుకుంటేనే.

మొదటి వారం మళ్లీ వేయండి. ఆడిట్, టెస్టింగ్, రిపోర్ట్ మూడూ ఆ వారం సున్నా. క్లోజింగ్ 30, బిల్లులు 7, కలిపి 37. ఉన్నది 29. అన్నీ ఆపినా ఇంకా 8 గంటల లోటు! ఇది ప్రతి పైఅధికారికీ అర్థమయ్యే అంకె, ఎందుకంటే ఇక్కడ వరుస మార్చడానికి ఏమీ మిగల్లేదు. అందుకే మొదటి వారం మాత్రం 8 గంటలకు ఇంకో మనిషి కావాలి. "సహాయం కావాలి" అని వదిలేయకుండా క్లోజింగ్‌లో ఏ ముక్క ఇస్తారో చెప్పండి. బ్యాంక్ రీకన్సిలియేషన్ లాంటిది అనువైనది: మొదలూ చివరా స్పష్టంగా ఉంటాయి, అరపూటలో నేర్పొచ్చు, తప్పు జరిగితే బ్యాలెన్స్ కలవదు కాబట్టి వెంటనే తెలుస్తుంది.

ఇప్పుడు మిగతా మూడు వారాలు. క్లోజింగ్, బిల్లులు, రిపోర్ట్ పోను రెండో వారం 12, మూడో వారం 17, నాలుగో వారం 13 గంటలు మిగులుతాయి. మొత్తం 42. ఆడిట్‌కు నెలకు 24 తప్పదు. టెస్టింగ్‌కు మిగిలేది 18. అనుకున్నది 32.

పక్కకు జరిపిన పని మాయం కాదని చాలా ఉత్తరాలు మర్చిపోతాయి. మొదటి వారం టెస్టింగ్ ఆపేశాను అని రాసి ఊరుకుంటే, ఆ గంటలు తర్వాతి వారాల్లో ఎక్కడ పడతాయో చూపించలేదన్నమాట.

పద్దు పుస్తకం
ఆ లెక్క చివరి మెట్టు కూడా వేయాలి. టెస్టింగ్ మిగిలింది 64 గంటలు. నెలకు 32 చొప్పున రెండు నెలలు. నెలకు 18 చొప్పున మూడున్నర నెలల పైన. అంటే గడువు సుమారు నెలన్నర జరుగుతుంది. లేదా నెలకు 14 గంటల టెస్టింగ్ వేరేవాళ్లు చేయాలి. డైరెక్టర్ ముందు పెట్టాల్సింది ఈ రెండు దారులే. మూడో దారి లేదు.

ఏ టెస్టింగ్ వేరేవాళ్లకు ఇవ్వొచ్చో కూడా రాయండి. లాగిన్‌లు, బిల్లు ప్రింట్లు, ఎవరికి ఏ మెనూ కనిపించాలన్నది ఎవరైనా చూడగలరు. పాత సాఫ్ట్‌వేర్ నిల్వలు కొత్తదాంట్లో సరిగ్గా దిగాయా అన్నది అకౌంట్స్ తెలిసినవాళ్లే చూడాలి.

వేణు 77
నేను మొదట్లో తప్పుగా చదివాను, సారీ. ఒక సందేహం. రోజూ ఆలస్యంగా వెళ్తున్నానన్న మాట తీసేయాలా? ఆయన పడుతున్న కష్టం పైవాళ్లకు తెలియాలి కదా.

రాధిక ఆర్
ఉంచాలి, కానీ ఒక్క వాక్యంలో, అంకెతో. "ఈ లోటులో కొంత నేను అదనపు గంటలతో నింపుతున్నాను, మిగతాది టెస్టింగ్‌లో వెనకబాటుగా తేలుతోంది." చదివేవారికి ఈ వాక్యం అవసరం. పనులన్నీ టైముకు అందుతుంటే లోటు ఉందని ఆయనకు ఎలా తెలుస్తుంది? అదనపు గంటలు లోటును కనబడనీయవు.

కూడిక తీసివేత
ఒప్పుకుంటాను. ఆరోగ్యం మాట కూడా ఇక్కడే వస్తుంది. నిజంగా ఇబ్బంది ఉంటే దాన్ని ఈ పట్టికతో కలపకుండా మేనేజర్‌తోనో హెచ్‌ఆర్‌తోనో విడిగా మాట్లాడాలి. కలిపితే డైరెక్టర్ సెలవు ఇప్పించి పని జరిగిందనుకుంటారు. సెలవు నుంచి తిరిగొచ్చేసరికి 44 గంటలు అక్కడే ఉంటాయి.

సూటిమాట
ఈ విషయంలో నాకు పూర్తిగా ఒప్పుదల లేదు. మనిషి పడిపోయే దశలో ఉంటే అది పట్టిక కంటే ముందు రావాలి. దాన్ని "విడిగా" అంటే చాలా చోట్ల ఎవరూ వినని మూలకు పంపినట్టే.

రాధిక ఆర్
అలాంటి చోట మీ మాటే నిజం. నేనైతే ఆ దశలో ఉత్తరం కోసం ఆగకుండా ముందు ఆ మాటే చెప్పమంటాను.

నెలాఖరు
నా పరిస్థితి అంతదాకా రాలేదు. అందరి సలహాలతో తిరగరాశాను:

"డైరెక్టర్ గారికి,

విషయం: వచ్చే నెల నుంచి నా పనుల వరుసపై మీ నిర్ణయం కోరుతూ.

నా చేతిలో ఉన్న ఐదు పనులకు నెలకు 160 గంటలు పడుతోంది. మీటింగులు, మెయిళ్లు పోను నాకు ఉన్నవి 116. లోటు 44, అందులో 30 నెల మొదటి వారంలోనే. రెండు వారాలు రాసుకున్న సమయం, క్లోజింగ్‌కు మూడు నెలల టైమ్‌షీట్ల నుంచి ఈ అంకెలు తీశాను. లోటులో కొంత అదనపు గంటలతో నింపుతున్నాను, మిగతాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ వెనకబాటుగా తేలుతోంది.

మేనేజర్ గారి సమ్మతితో నేను మార్చగలిగినవి: పేమెంట్లు రోజూ కాకుండా మంగళ, శుక్రవారాల్లో. గడువు మధ్యలో పడేవి, పన్నులు దీనికి మినహాయింపు. నెలకు 12 గంటలు మిగులుతాయి.

మీ నిర్ణయం కావలసినవి మూడు.
1. ఖర్చుల రిపోర్ట్ సమీక్ష జరిగే రెండు, నాలుగు వారాల్లో ఇస్తే సరిపోతుందా? (10 గంటలు)
2. మొదటి వారంలో బ్యాంక్ రీకన్సిలియేషన్‌కు 8 గంటలు ఇంకొకరిని ఇవ్వగలరా? ఆ వారం ఆడిట్, టెస్టింగ్ ఆపినా ఈ 8 గంటలు తగ్గవు.
3. టెస్టింగ్: గడువును నెలన్నర జరపడమా, లేక నెలకు 14 గంటల పనిని వేరొకరికి ఇవ్వడమా? రెండోది మేలని నా అభిప్రాయం. లాగిన్, ప్రింట్, మెనూ పరీక్షలు అకౌంట్స్ తెలియనివారూ చేయగలరు.

వారం వారీ పట్టిక జతచేశాను. మీకు వీలైనప్పుడు పావుగంట మాట్లాడగలను."

పద్దు పుస్తకం
బాగుంది. రెండు సవరణలు. మొదటి వారం ఆడిట్ ఆపుతామని మూడు మాటల్లో తేల్చేశారు. ఆడిటర్లకు ఇచ్చిన గడువు ఆ వారంలో పడితే ఈ ప్రతిపాదన అక్కడే తెగిపోతుంది. పంపేముందు ఆడిట్ వాళ్లకు ఫోన్ చేసి మొదటి వారం కాగితాలు రెండో వారం ఇస్తే చాలా అని కనుక్కోండి. ఒప్పుకుంటే "ఆడిట్ వారు అంగీకరించారు" అని రాయండి.

రెండోది, "మీకు వీలైనప్పుడు" తీసేసి తేదీ పెట్టండి. నిర్ణయం ఎప్పటిలోగా రావాలో కారణంతో రాయండి. వచ్చే నెల మొదటి వారానికి మనిషిని సర్దాలంటే కనీసం వారం ముందు తెలియాలి.

సూటిమాట
నేనైతే ఇంకో అడుగు వేస్తాను. "25వ తేదీలోగా మీ నుంచి వినకపోతే, పై వరుస ప్రకారమే మొదలుపెడతాను" అని రాయాలి. లేకపోతే జవాబు రాదు.

రాధిక ఆర్
అది డైరెక్టర్‌కు గడువు విధించినట్టుంటుంది. మేనేజర్ కాపీలో ఉండగా కింది ఉద్యోగి అలా రాస్తే, నిర్ణయం కంటే ఆ వాక్యం గురించే మాట్లాడతారు.

కూడిక తీసివేత
మూడింటికీ ఒకే నియమం పెట్టక్కర్లేదు. మొదటిదానికి, అంటే రిపోర్ట్‌కు ఆ వాక్యం నడుస్తుంది, ఎందుకంటే వెనక్కి తిప్పుకోవడం తేలిక, ఒక్క మెయిల్‌తో మళ్లీ వారం వారం ఇవ్వొచ్చు. గడువు జరపడం అలాంటిది కాదు. ఆయన మౌనంగా ఉన్నారని గో-లైవ్ తేదీ మీ అంతట మీరు మార్చలేరు. దానికి మేనేజర్ ద్వారా గుర్తుచేయడమే దారి.

సూటిమాట
రిపోర్ట్ ఆయనదే కదా, అది మాత్రం మౌనంతో మారిపోవచ్చా? నాకు తేడా కనిపించడం లేదు.

రాధిక ఆర్
నాకూ అనుమానమే. ఆ వాక్యం రాయాలో వద్దో వాళ్ల మేనేజర్‌నే అడగడం మేలు. ఆ డైరెక్టర్ స్వభావం ఆయనకే తెలుసు.

కూడిక తీసివేత
జవాబు వచ్చాక ఏం చేయాలో కూడా ఇప్పుడే అనుకోండి. చాలాసార్లు అది నోటిమాటగా, ఫోన్‌లో వస్తుంది: "సరే, చూసుకోండి." అది దేనికి ఒప్పుకున్నట్టు? అదే రోజు రెండు వరుసల మెయిల్ పెట్టండి: "మీరు చెప్పిన ప్రకారం రిపోర్ట్ ఇకపై రెండు, నాలుగు వారాల్లో. టెస్టింగ్ గడువు యథాతథం, 14 గంటలు ఐటీ నుంచి వస్తాయి." తేడా ఉంటే అప్పుడే సరిచేస్తారు. మాటలో మిగిలితే నెల తర్వాత ఒక్కొక్కరికి ఒక్కోలా గుర్తుంటుంది.

కొత్త పని వచ్చినప్పుడు కూడా ఇదే పట్టికలో ఆరో వరుస వేసి, దేని గంటలు తగ్గించాలో అడగండి. పట్టిక పాతబడితే ఉత్తరం కూడా పాతబడినట్టే. నెలకోసారైనా నోట్‌బుక్‌లోని సమయాలతో సరిచూడండి.

హెల్ప్‌డెస్క్ కుర్చీ
పంపడానికి మంచి సమయం ఏది? క్లోజింగ్ వారంలో, పని నెత్తిన ఉన్నప్పుడు పంపితే బరువు తెలుస్తుందేమో.

పద్దు పుస్తకం
ఆ వారం పంపితే అలసటతో రాసినట్టు కనిపిస్తుంది, పైగా ఆ నెలకు ఇక ఏమీ మార్చలేరు. మూడో వారం మొదట్లో పంపితే వచ్చే క్లోజింగ్‌కు ఇంకా రెండు వారాలుంటాయి.

నెలాఖరు
మూడో వారం సోమవారం పంపుతాను. అంతకుముందు ఆడిట్ వాళ్లకు ఫోన్ చేస్తాను, 25వ తేదీ వాక్యం గురించి మేనేజర్ గారిని అడుగుతాను. పట్టికలో ఒక తప్పు కూడా ఇప్పుడే దొరికింది. టెస్టింగ్ గురించిన మీటింగులు వారానికి గంటన్నర, వాటిని మీటింగుల్లో వేశాను. 14 గంటల పని వేరొకరికి వెళ్తే ఆ మీటింగుల్లో కొన్నిటికైనా వాళ్లే వెళ్తారు కదా. అంటే నా 29 కాస్త పెరుగుతుంది, లోటు 44 కంటే కొంచెం తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో సరిచేసి పంపుతాను.